ముప్పై నాలుగు పుస్తకాలు, మొదటి నెల లెక్క

ఏటా వేసవిలో ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లు ఖాళీ అవుతాయి. నాలుగేళ్ల చదువు ముగించుకున్న పిల్లలు మంచాల కింద పడి ఉన్న పుస్తకాలన్నీ బయటికి లాగుతారు. ఇంటికి మోసుకుపోవడం బరువు, పారేయడానికి మనసొప్పదు. జూనియర్లు ఎవరైనా అడిగితే ఎంతోకొంతకి ఇచ్చేస్తారు. అడగకపోతే పాత పేపర్లవాడి తక్కెడలోకి కిలోల లెక్కన పోతాయి. అదే పుస్తకం కోసం ఇంకో ఊళ్లో ఇంకో విద్యార్థి కొత్తది కొనలేక వెతుక్కుంటూ ఉంటాడు. ఈ ఇద్దరి మధ్య ఫోన్ పట్టుకుని నిలబడితే నాలుగు డబ్బులు మిగులుతాయన్న ఆలోచన చాలామంది పిల్లలకు వస్తుంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒకటి రెండు నెలల్లో మానేస్తారు. ఎందుకు మానేస్తారో తెలుసుకోవాలంటే ఎవరో ఒకరి లెక్క దగ్గర పెట్టుకుని చూడాలి.

విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న అమ్మాయి లెక్క ఇది. కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ. 2025 వేసవిలో ఆమె మూడో ఏడాదిలోకి వచ్చింది. తండ్రికి ఊళ్లో కిరాణా కొట్టు ఉంది. చిన్నప్పటి నుంచి గల్లా పక్కన కూర్చుని పద్దు రాసిన పిల్ల కావడంతో, పుస్తకాల వ్యాపారం మొదలుపెట్టిన రోజు నుంచే రూపాయి రూపాయీ నోటుబుక్కులో రాసుకుంది. పేరు మాత్రం వద్దంది. ఆ నోటుబుక్కు వల్లే డబ్బు ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపించగలుగుతున్నాం.

వెళ్లిపోతున్న సీనియర్ల దగ్గర ఆమె మొత్తం 34 పుస్తకాలు కొంది. 4,600 రూపాయలు పెట్టుబడి. అందులో 19 మామూలు పాఠ్యపుస్తకాలు, అంటే దేశమంతా చదివే పెద్ద రచయితలవి. వాటికి 3,700 అయింది. మిగతా 15 పిల్లలు ‘ఆల్ ఇన్ వన్’ అని పిలుచుకునేవి. మన యూనివర్సిటీ సిలబస్‌ను యూనిట్ల వారీగా విడగొట్టి, పాత ప్రశ్నలకు జవాబులతో సహా అచ్చువేసే పుస్తకాలు. పరీక్షకు వారం ముందు వీటిని పట్టుకోని విద్యార్థి అరుదు. ఒక్కోటి 60 రూపాయల చొప్పున 900 ఇచ్చి తెచ్చుకుంది. వీటినే ముందు అమ్మేయొచ్చని, పెద్ద పుస్తకాలు నెమ్మదిగా పోతాయని ఆమె లెక్క. నెల తిరిగేసరికి పెద్ద పుస్తకాలు తొమ్మిది అమ్ముడయ్యాయి. ఆల్ ఇన్ వన్ ఒక్కటి కూడా కదల్లేదు.

కారణం అట్ట మీదే ఉంది: ఆర్20.

బీటెక్ చదివినవాళ్లకు, చదివించినవాళ్లకు ఈ అక్షరం, అంకె తెలిసినవే. యూనివర్సిటీ కొన్నేళ్లకోసారి సిలబస్‌ను మారుస్తుంది. ఆ మార్పుకు ‘రెగ్యులేషన్’ అని పేరు, పక్కన అది మొదలైన సంవత్సరం. కాకినాడ జేఎన్‌టీయూలో 2020లో చేరిన బ్యాచ్‌తో ఆర్20 మొదలైంది. 2023లో చేరినవాళ్ల నుంచి ఆర్23. ఏ విద్యార్థి ఏ రెగ్యులేషన్‌లో చేరితే చివరిదాకా దాన్లోనే ఉంటాడు. 2025 వేసవిలో హాస్టల్ ఖాళీ చేసినవాళ్లు 2021లో చేరినవాళ్లు, కాబట్టి వాళ్ల పుస్తకాలన్నీ ఆర్20వి. వాటిని కొనాల్సిన రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లలందరూ ఆర్23 వాళ్లు. అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య సిలబస్ మారిపోయింది. ఆ అమ్మాయి కూడా ఆర్23 విద్యార్థే. రెగ్యులేషన్ మారిందని ఆమెకు తెలుసు. సబ్జెక్టు పేరు అదే ఉంది కదా, తొంభై శాతం అదే పాఠం ఉంటుంది కదా అనుకుంది.

పాఠం అదే కావచ్చు. ఆల్ ఇన్ వన్ కొనేవాడికి కావలసింది పాఠం కాదు, అది ఏ యూనిట్‌లో ఉందన్నది. పరీక్షలో ప్రశ్నలు యూనిట్ల వారీగా వస్తాయి. మూడో యూనిట్‌లో ఉన్న అంశం రెండుకు జరిగితే, ఒకటి తీసేసి ఇంకోటి చేరిస్తే, యూనిట్ల లెక్కన కట్టిన పుస్తకం పరీక్ష ముందు రోజు రాత్రి అక్కరకు రాదు. పైగా ఆర్23కి కొత్త ఆల్ ఇన్ వన్‌లు బజార్లో ఉన్నాయి. వాటి ధర మరీ ఎక్కువేమీ కాదు. డెలివరీ ఖర్చు కలిపి పాతది 140కి కొనడం కంటే ఇంకొంచెం పెట్టి కొత్తది కొనుక్కోవడమే ఎవరికైనా తెలివైన పని.

రెగ్యులేషన్ మారినా విలువ పోనివి మొదటి రకం పుస్తకాలు. గ్రేవాల్ ఇంజినీరింగ్ మ్యాథ్స్‌కి, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో సిల్బర్‌షాట్జ్, గాల్విన్ రాసిన పుస్తకానికి యూనివర్సిటీతో పని లేదు. కాకినాడలో ఏ రెగ్యులేషన్ నడిచినా, హైదరాబాద్‌లో ఏది నడిచినా, గేట్ పరీక్షకు చదివేవాడికైనా అవి పనికొస్తాయి. మొదటి నెలలో పోయిన తొమ్మిదీ ఇలాంటివే. వాటిలో రెండు తెలంగాణకు, ఒకటి బెంగళూరుకు వెళ్లాయి. సెకండ్‌హ్యాండ్‌లో పుస్తకం చుట్టూ ఉన్న కొనుగోలుదారుల వలయం ఎంత పెద్దదన్నదే ధరను నిలబెడుతుంది. ఆల్ ఇన్ వన్‌కు ఆ వలయం ఒక యూనివర్సిటీ, ఒక రెగ్యులేషన్, ఒక సెమిస్టర్. అంత చిన్న వలయానికి ఆన్‌లైన్ అమ్మకం ఎందుకు, అదే కాలేజీ నోటీసు బోర్డు చాలు.

ఈ మాట ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్మే పెద్దాయన. నెలాఖరున ఆ పదిహేనూ సంచీలో వేసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

“ఇవి ఏ రెగ్యులేషన్‌వమ్మా?” అన్నాడాయన, సంచీ విప్పకుండానే.

“ఆర్20 అంకుల్.”

“మరి ఇప్పుడు కొనేవాళ్లంతా ఆర్23 కదమ్మా. ఇప్పుడు నేను తీసుకుంటే కిలో లెక్కనే తీసుకోవాలి. నువ్వు అమ్మకు. సప్లీ నోటిఫికేషన్ పడ్డాక పట్రా. ఆర్20లో బ్యాక్‌లాగ్‌లు ఉన్నోళ్లు అప్పుడు పరిగెత్తుకుంటా వస్తారు.”

ముప్పై ఏళ్లు ఒకే పని చేసిన మనిషి లెక్క అది. రెగ్యులేషన్ మారిన పుస్తకం చచ్చిపోదు, దాని సీజన్ మారుతుంది. పాత రెగ్యులేషన్‌లో సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్లు ఆ సిలబస్‌లోనే సప్లిమెంటరీ రాయాలి, ఆ పుస్తకాలు కొత్తగా అచ్చు కావడం తగ్గిపోతుంది. అప్పుడు ఆ 60 రూపాయల పుస్తకానికి వంద ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఏటా కొన్ని వారాల పాటే, అదీ కొన్నేళ్లే.

పెద్ద పుస్తకాల్లో జరిగిన నష్టం వేరు. అక్కడ తప్పు ఎడిషన్ దగ్గర పడింది. ఆమె దగ్గరున్న ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం మీద డైనోసార్ బొమ్మ ఉంటుంది. ఏ ఎడిషన్ తీసుకున్నా డైనోసార్లే, అందుకే పిల్లలు దాన్ని ‘డైనోసార్ బుక్’ అంటారు. అట్ట ఫొటో ఒక్కటి తీసి, ‘2021 ఎడిషన్, మంచి కండిషన్’ అని రాసి 400 రూపాయలకు పెట్టింది, డెలివరీ ఛార్జీ దాంట్లోనే. రెండో రోజే విశాఖ అబ్బాయి డబ్బు పంపించేశాడు. పుస్తకం చేరాక ఫోన్ చేశాడు. తనకు కావలసింది పదో ఎడిషన్ అని, వచ్చింది తొమ్మిదోది అని, తిరిగి పంపిస్తున్నానని చెప్పాడు.

2021 అన్న అంకె ఆమె కల్పించింది కాదు, పుస్తకంలోనే ఉంది. లోపలి పేరు పుట వెనక, చిన్న అక్షరాల్లో కాపీరైట్ వివరాలుండే పేజీలో ‘రీప్రింట్ 2021’ అని ఉంది. రీప్రింట్ అంటే అదే పాఠాన్ని మళ్లీ అచ్చువేయడం. ఎడిషన్ అంటే రచయితలు పాఠాన్ని మార్చి వేయడం. తొమ్మిదో ఎడిషన్ 2012లో వచ్చింది, పదోది 2018లో. పాత ఎడిషన్‌కు గిరాకీ ఉంటే కొత్తది వచ్చాక కూడా ప్రచురణ సంస్థ దాన్ని రీప్రింట్ చేస్తూనే ఉంటుంది. అందుకే 2021లో అచ్చయిన పుస్తకంలో 2012 నాటి పాఠం ఉండొచ్చు. పాఠ్యపుస్తకానికి అచ్చయిన సంవత్సరంతో పనే లేదు, ఎడిషన్ అంకెతోనే పని. ఎడిషన్ మారితే చాలా పుస్తకాల్లో అధ్యాయాల వరస మారుతుంది, అభ్యాసాల నంబర్లు మారుతాయి. మాస్టారు ‘ఆరో చాప్టర్లో పన్నెండో లెక్క చేసుకురండి’ అంటే పాత ఎడిషన్ పట్టుకున్నవాడు తెల్లమొహం వేస్తాడు.

ఈ తికమక లేకుండా చూసేది అదే పేజీలో ఉండే ఐఎస్‌బీఎన్. పదమూడు అంకెలు, 978తో మొదలవుతుంది. మన దేశంలో ప్రచురించినవాటికి ఎక్కువగా 978 తర్వాత 81 గానీ 93 గానీ ఉంటుంది. ప్రతి ఎడిషన్‌కూ వేరే సంఖ్య, గట్టి అట్టకూ మెత్తటి అట్టకూ వేరే సంఖ్య, విదేశీ ముద్రణకూ భారతీయ ముద్రణకూ వేరే సంఖ్య. అమ్మేవాళ్లు అట్టతో పాటు ఈ పేజీ కూడా ఫొటో తీసి పెడితే చాలు, కొనేవాళ్లు తమ సిలబస్ కాగితంలో ఉన్నదానితో సరిచూసుకుంటారు. ఫొటో తీయడానికి అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషం మిగుల్చుకున్నందుకు ఆమెకు ఎంత పడిందో చూడాలంటే తూకం దగ్గరికి రావాలి.

ఆ పుస్తకాన్ని ఆమె 180 రూపాయలకు కొంది. 400కి అమ్మింది. కొరియర్‌కు 120, ప్యాకింగ్‌కు 20 అవుతుందనుకుంది, 80 మిగలాలి. పుస్తకం బరువు కిలోన్నర లోపే. దెబ్బ తగలకుండా ఉండాలని పెద్ద బూట్ల పెట్టెలో పెట్టి, ఖాళీల్లో పాత న్యూస్‌పేపర్లు కుక్కి, టేపు చుట్టింది. కొరియర్ కౌంటర్‌లో కుర్రాడు పెట్టెను తూచలేదు, టేపు పెట్టి కొలిచాడు. 35 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 15 ఎత్తు. మూడూ హెచ్చవేసి 5,000తో భాగిస్తే 2.6 వస్తుంది. దాన్ని మూడు కిలోలకు పెంచి 210 రూపాయలు బిల్లు వేశాడు.

మోసం కాదది, కొరియర్ల పద్ధతే అంత. వ్యానులో, విమానంలో స్థలం కూడా సరుకే కాబట్టి, అసలు బరువు, పెట్టె కొలతతో వచ్చే బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పుస్తకం స్వతహాగా చిన్న స్థలంలో ఎక్కువ బరువుండే వస్తువు. దాన్ని పెట్టెలో పెట్టి మనమే గాలికి కూడా కిరాయి కడతాం. పాత పుస్తకాలవాళ్లు పెట్టె వాడరు. ముందు పాలిథిన్ కవరు చుడతారు, వానాకాలంలో అది తప్పదు. ఆపైన పుస్తకం కంటే వేలెడు పెద్దగా కోసిన రెండు అట్టముక్కలు కిందా పైనా పెట్టి, మూలలు నలగకుండా బిగించి టేపు వేస్తారు. అలా కట్టి ఉంటే ఆ పుస్తకం దాని అసలు బరువుకే వెళ్లేది.

పుస్తకం వెళ్లేటప్పటికే పది రూపాయలు నష్టం. తిరిగి వచ్చేటప్పుడు అదే పెట్టె, మళ్లీ 210. తప్పు తనది కాబట్టి అబ్బాయికి 400 పూర్తిగా వెనక్కిచ్చి, రిటర్న్ ఛార్జీ తనే పెట్టుకుంది. రానూపోనూ, ప్యాకింగ్ కలిపి 440 రూపాయలు ఖర్చు. పుస్తకం మాత్రం మళ్లీ గదిలోకి వచ్చి కూర్చుంది. 180 రూపాయల సరుకు మీద 440 పోగొట్టుకోవడం కిరాణా కొట్టు ఇంట్లో పుట్టిన పిల్లకు ఎంత బాధగా ఉంటుందో, ఆ పేజీలో ఎర్ర ఇంకుతో రెండుసార్లు గీసిన గీతలు చూస్తే తెలుస్తుంది.

కొరియర్ కాకుండా ఇంకో దారి ఉందని ఆమెకు అప్పటికి తెలియదు. చాలామందికి తెలియదు కూడా. పుస్తకాలను తక్కువ ధరకు చేరవేసే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపేసినప్పుడు ప్రచురణకర్తలు, పుస్తకాభిమానులు గట్టిగా నిరసన తెలిపారు. తర్వాత 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ అని కొత్త సేవ మొదలైంది. పాఠ్యపుస్తకాలు, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకు ఇది వర్తిస్తుంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, బరువును బట్టి పెరుగుతూ 5 కిలోలకు 100 రూపాయలు, పైన పన్ను. ట్రాకింగ్ ఉంటుంది. రోడ్డు, రైలు మార్గంలోనే వెళ్తుంది కాబట్టి కొంచెం ఆలస్యమవుతుంది. పుస్తకంలో ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. వాణిజ్య తరహా ప్రచురణలను, పత్రికలను, ప్రకటనల కాగితాలను దీని కింద తీసుకోరు. మొదటి పుస్తకం పంపే ముందు కౌంటర్‌లో చూపించి అడిగి తెలుసుకోవడం మంచిది. సగం ధర పుస్తకాన్ని పేద విద్యార్థి గడపకు చేర్చగలిగేది ఈ సేవే. ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద దీని వివరాలు ఉండాలని నా కోరిక.

ఇక నోటుబుక్కులో అన్నిటికంటే పెద్ద అంకె పుస్తకాలకు సంబంధించింది కాదు. మూడో వారంలో ఒకాయన ఫోన్ చేశాడు. సైన్యంలో పనిచేస్తున్నానని, చెల్లెలి చదువుకు ఆరు పుస్తకాలూ ఒకేసారి కావాలని, బేరమాడకుండా 1,800కి ఒప్పుకున్నాడు. డబ్బు ఆఫీసు ఖాతా నుంచి వస్తుంది, అందుకని కోడ్ పంపిస్తాను, స్కాన్ చేయమన్నాడు. నమ్మకం కుదరడానికి ముందు ఐదు రూపాయలు నిజంగానే పంపాడు. ఆ తర్వాత వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ వచ్చింది. స్కాన్ చేసింది, 1,800 అంకె కనిపించింది, పిన్ అడిగింది, కొట్టింది. అవతలి నుంచి ‘కొంచెం సర్వర్ ప్రాబ్లం, మళ్లీ చేయండి’ అన్న మాట వినిపించేసరికి ఆమెకు అనుమానం వచ్చి ఫోన్ పెట్టేసింది. లేకపోతే ఇంకో 1,800 పోయేది.

పుస్తకం అమ్మేవాళ్లు, పాత మంచం అమ్మేవాళ్లు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, అందరినీ ఇదే పద్ధతిలో పడగొడుతున్నారు. సైనికుడి పేరు చెబితే మనం గౌరవంతో మెత్తబడతామని వాళ్లకు తెలుసు. ఈ మోసాన్ని పట్టుకునే గుర్తు ఒక్కటే: యూపీఐ లావాదేవీలో పిన్ అడిగిందంటే మన డబ్బు బయటికి పోతోందని అర్థం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, మనం చేయాల్సిన పనేమీ లేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఈ అమ్మాయి ఇంట్లో తిడతారని భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు ఫిర్యాదు చేసింది. ఆ డబ్బు తిరిగి రాలేదు. పిల్లలు ఇలాంటి మాట చెప్పినప్పుడు ముందు తిట్టకుండా ఫోన్ చేయించే తల్లిదండ్రులు కావాలి. తిట్లకు తర్వాత ఎంతైనా సమయం ఉంటుంది.

ఇంకో చిన్న విషయం కూడా ఆ లెనిన్ సెంటర్ పెద్దాయనే పట్టుకున్నాడు. ఆమె అమ్మకానికి పెట్టిన లెక్కల పుస్తకం ఒకటి దొంగ ముద్రణ. పేజీల్లో అచ్చు ఒక పక్కకి ఒరిగి ఉంది, సూత్రాల్లోని చిన్న అంకెలు సిరా ముద్దలయ్యాయి, కాగితం వెనక పక్క అక్షరాలు ఇటు కనిపిస్తున్నాయి. సొంతంగా కొన్న అసలు పుస్తకాన్ని చదివి అమ్ముకోవడం ఎవరికైనా హక్కే. దొంగ ముద్రణ అని తెలిసి అమ్మితే మాత్రం 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆమె దాన్ని ఆ రోజే తీసేసింది.

నెల లెక్క ఇలా తేలింది. తిరిగి రాని తొమ్మిది పుస్తకాల మీద 3,150 వచ్చింది. వాటి కొనుబడి 1,750, కొరియర్, ప్యాకింగ్ కలిపి 1,060. మిగిలింది 340. డైనోసార్ పుస్తకం మీద 440, ఫోన్ మోసంలో 1,800 పోయాయి. అంటే నికరంగా 1,900 రూపాయల నష్టం, గదిలో 2,850 రూపాయల సరుకు. మోసాన్ని పక్కన పెడితే వంద రూపాయల నష్టమే. ఎడిషన్ సరిగ్గా రాసి, అట్టముక్కలతో కట్టి ఉంటే ఆ వంద కూడా లాభంలోకి వచ్చేది. కాబట్టి ఇది నడవని వ్యాపారం కాదు. పుస్తకానికి నలభై రూపాయలు మిగిలే వ్యాపారం, అంతే. ఆ నలభైలో ఒక్క తప్పును కూడా భరించే జాగా లేదు.

ఆమె మానేయలేదు. ఇప్పుడు కొనే ముందే పేరు పుట వెనక పేజీ చూస్తోంది. ఆల్ ఇన్ వన్‌లు కొనడం ఆపేసింది, ఉన్న పదిహేనింటినీ సప్లీల కోసం దాచింది. ప్రతి పుస్తకానికీ నాలుగు ఫొటోలు పెడుతోంది: అట్ట, కాపీరైట్ పేజీ, గీతలు ఎక్కువగా ఉన్న పేజీ, వెన్ను.

కాకినాడ జేఎన్‌టీయూలో 2022లో చేరినవాళ్లు ఆర్20లో చివరి రెగ్యులర్ బ్యాచ్, వాళ్ల నాలుగేళ్ల చదువు 2026 వేసవితో ముగుస్తుంది. ఆ హాస్టల్ గదుల్లోంచి వచ్చే పుస్తకాలు కొనబోయే పిల్లలు ఆల్ ఇన్ వన్‌లను వదిలేసి పెద్ద పుస్తకాలు ఏరుకోండి. ఇచ్చేసి వెళ్లే పిల్లలు దయచేసి మొదటి పేజీలో మీ రెగ్యులేషన్, ఎడిషన్ ఒక ముక్క రాసి ఇవ్వండి.